అసలైన సర్టిఫికెట్, సంబంధం లేని సరుకు

సరఫరాదారు పంపిన ఫైలులో సర్టిఫికెట్ కనిపించగానే కొనుగోలు విభాగాల్లో ఎక్కువమంది చేసే పనులు రెండే. పైన ఉన్న చిహ్నం తమకు తెలిసినదా అని చూస్తారు, కింద ఉన్న గడువు తేదీ దాటిందా అని చూస్తారు. ఆ రెండూ సరిపోతే తనిఖీ ముగిసినట్టే. సరఫరాదారుల పత్రాలను పరిశీలించడం నా వృత్తిలో భాగం. ఆ పనిలో నాకు కుదిరిన అభిప్రాయం ఏమిటంటే, నకిలీ పత్రాల కంటే అసలు పత్రాలే కొనేవారిని ఎక్కువగా తప్పుదారి పట్టిస్తాయి. సర్టిఫికెట్ నిజమైనదే అయి ఉంటుంది, గడువు మిగిలే ఉంటుంది, ఇచ్చిన సంస్థ కూడా పేరున్నదే అయి ఉంటుంది. అయినా ఆ కాగితం మనం కొనబోయే సరుకు గురించి ఒక్క ముక్క కూడా చెప్పకపోవచ్చు. అందుకే తనిఖీని గడువు తేదీతో కాకుండా పరిధితో, అంటే స్కోప్‌తో మొదలుపెట్టాలని నేను వాదిస్తాను.

దీన్ని ఒక ఉదాహరణతో చివరిదాకా చూద్దాం. ఒక విక్రేత 5,000 టీషర్టులు అమ్మజూపుతున్నాడని అనుకుందాం. ఒక్కొక్కటి 180 గ్రాముల బరువు. మెడ దగ్గరి ట్యాగుపై ‘100 శాతం పత్తి, ఆర్గానిక్’ అని ఉంది. ఫైలులో రెండు పత్రాలున్నాయి. మొదటిది నాణ్యతా నిర్వహణకు సంబంధించిన ఐఎస్ఓ 9001:2015 సర్టిఫికెట్. రెండవది సేంద్రియ వస్త్రాలకు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న గాట్స్ ప్రమాణం కింద ఇచ్చిన స్కోప్ సర్టిఫికెట్. రెండింటికీ గడువు ఉంది, రెండూ అసలైనవే. ఈ ఉదాహరణలో ఫోర్జరీని కావాలనే పెట్టలేదు, ఎందుకంటే ఫోర్జరీ అవసరం లేకుండానే ఈ ఫైలు కూలిపోతుంది.

ముందు ఐఎస్ఓ 9001 పత్రాన్ని తీసుకుందాం. ఇది సంస్థ పనిచేసే తీరుకు ఇచ్చే సర్టిఫికెట్. సరుకు మంచిదని గాని, సరుకు ఫలానా పదార్థంతో తయారైందని గాని ఇది చెప్పదు. ఇలాంటి సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థలు ఎలా నడుచుకోవాలో నిర్దేశించే ఐఎస్ఓ/ఐఈసీ 17021-1 ప్రమాణం ఈ విషయంలో చాలా స్పష్టంగా ఉంది. నిర్వహణా వ్యవస్థకు ఇచ్చిన గుర్తును సరుకు మీద గాని, వినియోగదారుడు సరుకుకే సర్టిఫికెట్ ఉందని అనుకునేలా ప్యాకింగు మీద గాని వేయనివ్వకూడదు. ప్యాకింగు మీద ఒక వాక్యం రాసుకోవచ్చు. అందులో సర్టిఫికెట్ పొందిన సంస్థ ఎవరో, ఏ నిర్వహణా వ్యవస్థకు ఏ ప్రమాణం కింద పొందిందో, ఇచ్చింది ఎవరో ఉండాలి. కనుక టీషర్టు ట్యాగుపైనే ‘ఐఎస్ఓ సర్టిఫైడ్’ అని అచ్చువేసి ఉంటే, ఇతర పత్రాలు చూడకముందే ఒక ఉల్లంఘన మన కళ్లముందు ఉన్నట్టు. ఐఎస్ఓ అనే సంస్థ ప్రమాణాలు రాస్తుంది తప్ప ఎవరికీ సర్టిఫికెట్లు ఇవ్వదు కాబట్టి, పత్రంపై ‘జారీ చేసినవారు’ అన్నచోట ఐఎస్ఓ పేరే ఉంటే అది చదవవలసిన పత్రమే కాదు.

మన ఉదాహరణలో అలాంటి లోపాలేవీ లేవు. పరిధి అన్నచోట ‘అల్లిక దుస్తుల వ్యాపారం, మార్కెటింగ్’ అని ఉంది. చిరునామా ఒక కార్యాలయానిది. ఇక్కడ నెమ్మదిగా చదవాలి. పరిధి వాక్యంలో నామవాచకాల కంటే క్రియలు ముఖ్యం. ‘దుస్తులు’ అన్న పదం కనిపించగానే మన కన్ను తృప్తిపడి ముందుకు సాగుతుంది, కాని ఆ దుస్తులను కొని అమ్మడం వేరు, తయారు చేయడం వేరు, రూపకల్పన చేయడం వేరు. ఆడిటర్ వెళ్లింది కార్యాలయానికి. చూసింది ఆర్డర్లు ఎలా తీసుకుంటున్నారో, ఫిర్యాదులు ఎలా నమోదు చేస్తున్నారో, సరఫరాదారులను ఎలా ఎంచుకుంటున్నారో. కుట్టే యంత్రాలున్న చోట ఆయన అడుగు పెట్టలేదు. అనేక కేంద్రాలున్న సంస్థ అయితే పరిధిలోకి వచ్చే ప్రతి కేంద్రం చిరునామా సర్టిఫికెట్‌లోనో దాని అనుబంధంలోనో ఉండి తీరాలి. అనుబంధం పేజీ లేకుండా మొదటి పేజీ మాత్రమే పంపితే, మిగతా పేజీలు అడగడం మన పని. ‘పేజీ 1/3’ అని అడుగున ఉండి ఒక్క పేజీయే మెయిల్‌లో రావడం నాకు కొత్త కాదు. అది ప్రతిసారీ మోసమని కాదు, కాని దాచదలచినది ఉంటే ఎక్కువగా ఆ రెండవ పేజీలోనే ఉంటుంది.

కాబట్టి ఈ పత్రం విక్రేత కార్యాలయం గురించి నిజమే చెబుతోంది, టీషర్టుల తయారీ గురించి ఏమీ చెప్పడం లేదు. దాన్ని ఫైలులోంచి తీసేయనవసరం లేదు, కాని అది దేనికి రుజువో ఆ మేరకే లెక్కలోకి తీసుకోవాలి.

రెండవ పత్రం మరింత ఆసక్తికరమైనది. గాట్స్ స్కోప్ సర్టిఫికెట్‌కు సాధారణంగా ఏడాది కాలపరిమితి ఉంటుంది. దాని మొదటి పేజీ కంటే అనుబంధాలే అసలు సమాచారం. ఉత్పత్తుల అనుబంధంలో ఏ రకం ఉత్పత్తి, ఏ పీచు ఎంత శాతం, ఏ లేబుల్ శ్రేణి అన్నవి వరుసగా ఉంటాయి. కేంద్రాల అనుబంధంలో ఏ చిరునామాలో ఏ ప్రక్రియ జరుగుతుందో ఉంటుంది. మన ఫైలులోని పత్రం విక్రేత పేరు మీద లేదు. విక్రేతకు బట్ట సరఫరా చేసే మరొక సంస్థ పేరు మీద ఉంది. ప్రక్రియల కింద అల్లిక, రంగు వేయడం ఉన్నాయి, కుట్టు లేదు. ఉత్పత్తుల కింద అల్లిన బట్ట ఉంది, టీషర్టు లేదు. లేబుల్ శ్రేణి ‘70 శాతం సేంద్రియ పీచుతో తయారైనది’ అని ఉంది. కేవలం ‘ఆర్గానిక్’ అని రాసుకోవాలంటే ఈ ప్రమాణం ప్రకారం సేంద్రియ పీచు కనీసం 95 శాతం ఉండాలి. ఒకే పత్రంలో నాలుగు తేడాలు: పేరు, ప్రక్రియ, ఉత్పత్తి, శ్రేణి. గడువు తేదీ మాత్రం నిక్షేపంగా ఉంది.

విక్రేత దీనికి చెప్పే సమాధానం దాదాపు ఎప్పుడూ ఒకటే: ‘బట్ట సర్టిఫై అయినదే కదండీ, దానితో కుట్టిన చొక్కా ఎందుకు కాదు?’ వినడానికి న్యాయంగానే ఉంటుంది. కాని సేంద్రియ సర్టిఫికేషన్ గొలుసుగా పనిచేస్తుంది. పొలం ఒక సేంద్రియ వ్యవసాయ ప్రమాణం కింద సర్టిఫై కావాలి. అక్కడి నుంచి దూది, నూలు, బట్ట, రంగు, కుట్టు, టోకు వ్యాపారం వరకు సరుకు చేతులు మారే ప్రతి దశలోనూ సర్టిఫికెట్ కొనసాగాలి. చివరి వినియోగదారుడికి చిల్లరగా అమ్మే దుకాణానికి, అది తిరిగి ప్యాకింగు చేయడమో లేబుల్ మార్చడమో చేయనంతవరకు, సాధారణంగా మినహాయింపు ఉంటుంది. మధ్యలో ఒక్క కుట్టు కేంద్రం సర్టిఫై కాకపోతే, అక్కడ మామూలు బట్టా సేంద్రియ బట్టా విడివిడిగా ఉంచారో లేదో చూసినవారు ఎవరూ లేరు. రెండూ కంటికి ఒకేలా కనిపించే సరుకులో, వేరుగా ఉంచడమే సర్టిఫికేషన్ హామీ ఇచ్చే ముఖ్య విషయం. ఆ దశ తప్పితే చివర వచ్చే చొక్కాను ఆ ప్రమాణం పేరుతో అమ్మే హక్కు లేదు.

ఇక్కడే స్కోప్ సర్టిఫికెట్‌కు, ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్‌కు ఉన్న తేడా తెలుసుకోవాలి. స్కోప్ సర్టిఫికెట్ డ్రైవింగ్ లైసెన్సు లాంటిది. బండి నడపడానికి అర్హత ఉందని చెబుతుంది గాని, ఫలానా రోజున ఫలానా ప్రయాణం జరిగిందని చెప్పదు. ఈ సరుకు, ఈ ఇన్‌వాయిసు, ఇంత బరువు, ఈ విక్రేత నుంచి ఈ కొనుగోలుదారుకు సర్టిఫై అయిన సరుకుగా చేరిందని చెప్పేది ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్. దీన్ని వ్యాపారంలో టీసీ అంటారు. స్కోప్ ఉన్న సంస్థ మామూలు సరుకును కూడా నిరభ్యంతరంగా అమ్ముకోవచ్చు, అమ్ముతుంది కూడా. కనుక సరుకు పెద్దమొత్తంలో కొంటున్నప్పుడు స్కోప్ చూసి సంతృప్తిపడటం తనిఖీలో సగం కూడా కాదు.

మన విక్రేతను టీసీ అడిగితే ఒకటి పంపాడనుకుందాం. అది నూలు మిల్లు నుంచి బట్ట తయారీదారుకు ఇచ్చినది. నికర బరువు 800 కిలోలు. ఇప్పుడు లెక్క వేయాలి. 5,000 టీషర్టుల బరువు 900 కిలోలు. కత్తిరింపులో 15 శాతం పోతుందనుకుంటే దాదాపు 1,060 కిలోల బట్ట కావాలి. అల్లికలో, రంగులో కలిపి 7 శాతం తరుగు అనుకుంటే దాదాపు 1,140 కిలోల నూలు కావాలి. ఈ శాతాలు డిజైన్‌ను బట్టి, మిల్లును బట్టి మారుతాయి. అయినా 800 కిలోల నూలు నుంచి 900 కిలోల చొక్కాలు రావన్నది మాత్రం ఏ శాతాలతోనూ మారదు. 1,140లో 800 అంటే సుమారు 70 శాతం. అంటే టీసీ, స్కోప్ సర్టిఫికెట్‌లోని 70 శాతం శ్రేణి ఒకదానితో ఒకటి సరిగ్గా అతుకుతున్నాయి. అతకనిది ట్యాగు. అది ‘100 శాతం పత్తి’ అంటోంది. గాట్స్ ప్రమాణం ఒకే ఉత్పత్తిలో సేంద్రియ పత్తినీ మామూలు పత్తినీ కలపడానికి ఒప్పుకోదు. 70 శాతం శ్రేణిలో మిగిలిన భాగం వేరే రకం అనుమతించిన పీచు కావాలి. కాబట్టి బట్టలో పత్తి కాని పీచు ఉండి ట్యాగు అబద్ధం చెబుతున్నట్టు, లేదా మామూలు పత్తి కలిసి ప్రమాణం ఉల్లంఘన అయినట్టు. రెండింటిలో ఏదైనా ఆ ట్యాగుతో ఈ సరుకు తీసుకోవడానికి వీల్లేదు. గమనించండి, ఇప్పటివరకు మనం ఏ వెబ్‌సైటూ తెరవలేదు, ఎవరికీ ఫోన్ చేయలేదు. పత్రాలను ఒకదానితో ఒకటి పోల్చి చదివాం, అంతే.

ఇక పత్రం ఇచ్చిన సంస్థకు ఆ అధికారం ఉందా అన్నది రెండవ ప్రశ్న. సర్టిఫికెట్ ఇచ్చే సంస్థను పరీక్షించి గుర్తింపు ఇచ్చేది అక్రెడిటేషన్ సంస్థ. నిర్వహణా వ్యవస్థలకు సర్టిఫికెట్ ఇచ్చేవారిని ఐఎస్ఓ/ఐఈసీ 17021-1 ప్రకారం, ఉత్పత్తులకు సర్టిఫికెట్ ఇచ్చేవారిని ఐఎస్ఓ/ఐఈసీ 17065 ప్రకారం పరీక్షిస్తారు; సేంద్రియ సర్టిఫికేషన్ రెండవ కోవలోకి వస్తుంది. ‘ఈ సంస్థకు అక్రెడిటేషన్ ఉందా’ అని అడగడం సరిపోదు, దేనికి ఉంది అని అడగాలి. ఐఎస్ఓ 9001 విషయంలో ఆ గుర్తింపును రంగాలవారీగా ఇస్తారు; వాటికి అంతర్జాతీయంగా 39 సంకేత సంఖ్యలున్నాయి. ఆహార పదార్థాలు 3, వస్త్రాలు 4, లోహపు వస్తువులు 17 కిందికి వస్తాయి. లోహాల రంగంలో మాత్రమే గుర్తింపు ఉన్న సంస్థ వస్త్రాల కంపెనీకి ఇచ్చిన సర్టిఫికెట్‌కు అక్రెడిటేషన్ అండ ఉండదు. ఆ గుర్తింపు జాబితా అక్రెడిటేషన్ సంస్థ వెబ్‌సైటులో బహిరంగంగా దొరుకుతుంది. సర్టిఫికెట్‌పై అక్రెడిటేషన్ చిహ్నం లేకపోతే అది మరచిపోవడం కాదని, ఆ పత్రాన్ని గుర్తింపు పరిధి బయట ఇచ్చి ఉండవచ్చని ముందుగా అనుమానించాలి.

ఒక మెట్టు పైకి కూడా వెళ్లాలి. గంభీరమైన పేర్లతో ‘అంతర్జాతీయ’ అక్రెడిటేషన్ బోర్డులు పెట్టుకుని, తమకు తెలిసిన సర్టిఫికేషన్ కంపెనీలకు తామే గుర్తింపు ఇచ్చుకునేవారు ఉన్నారు. చిహ్నం చూస్తే అసలుదానికి తేడా తెలియదు. అందుకే అక్రెడిటేషన్ సంస్థ, ఐఎస్ఓ/ఐఈసీ 17011 ప్రకారం పరస్పర పరిశీలన జరిగే అంతర్జాతీయ గుర్తింపు ఒప్పందంలో సంతకం చేసినదా అని చూడాలి. నిర్వహణా వ్యవస్థల విషయంలో ఈ ఒప్పందం చాలాకాలం ఐఏఎఫ్ పేరుతో ప్రసిద్ధి. అక్రెడిటేషన్ ఉన్న నిర్వహణా సర్టిఫికెట్లను వెతకడానికి iafcertsearch.org ఉంది. సేంద్రియ రంగంలో దీనికి అదనంగా మరో గుర్తింపు కావాలి: ఆ ప్రమాణం యజమాని గాని, ప్రభుత్వ కార్యక్రమమైతే ఆ ప్రభుత్వం గాని ఆ సంస్థను ఆమోదించిన జాబితాలో ఉండాలి. ఒక దేశపు సేంద్రియ కార్యక్రమంలో ఆమోదం ఉన్నంత మాత్రాన మరో దేశపు కార్యక్రమం కింద సర్టిఫికెట్ ఇచ్చే అధికారం రాదు.

మూడవది గడువు. దీన్ని చివరికి నెట్టడానికి కారణం ఉంది: ముద్రించిన తేదీ, ఆ పత్రం ఈరోజు చెల్లుతుందా అన్నదానికి జవాబు కాదు. ఐఎస్ఓ 9001 సర్టిఫికెట్ చక్రం మూడేళ్లు. మధ్యలో ఏటా సర్వైలెన్స్ ఆడిట్, అంటే వ్యవస్థ ఇంకా సరిగ్గా నడుస్తోందా అని చూసే తనిఖీ, జరగాలి. మొదటిది సర్టిఫికెట్ నిర్ణయం నాటి నుంచి 12 నెలల లోపు కావాలి. ఆడిట్ జరగనివ్వకపోతే, లేదా తీవ్రమైన లోపాలు సరిదిద్దకపోతే సర్టిఫికెట్‌ను సస్పెండ్ చేస్తారు, తరువాత ఉపసంహరిస్తారు. కాని గోడకు వేలాడే కాగితం మీద మూడేళ్ల తేదీ అలాగే ఉంటుంది. అమెరికా వ్యవసాయ శాఖ సేంద్రియ కార్యక్రమంలోనైతే సర్టిఫికెట్‌కు గడువు తేదీయే ఉండదు. స్వయంగా వదులుకునే వరకు, లేదా సస్పెండ్ లేక రద్దు అయ్యేవరకు అది కొనసాగుతుంది. దాన్ని చేతిలో పట్టుకుని ‘గడువు ఎక్కడ’ అని వెతికేవారు తప్పు చోట వెతుకుతున్నారు. ఆ కార్యక్రమపు ఆర్గానిక్ ఇంటెగ్రిటీ డేటాబేస్‌లో నేటి స్థితి చూడాలి. యూరోపియన్ యూనియన్ సేంద్రియ సర్టిఫికెట్లకు ట్రేసెస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ, గాట్స్‌కు ఆ సంస్థ సొంత సరఫరాదారుల జాబితా ఉన్నాయి.

ఈ వెబ్‌సైట్లను పత్రంలోని క్యూఆర్ కోడ్ ద్వారా తెరవవద్దని నేను పట్టుబడతాను. భారతదేశంలో సుమారు 20,000 టన్నుల పత్తిని కొందరు తప్పుడు పత్రాలతో సేంద్రియమని చూపినట్టు 2020లో గాట్స్ సంస్థ బయటపెట్టింది. ఆ నకిలీ ట్రాన్సాక్షన్ సర్టిఫికెట్లపై ఉన్న క్యూఆర్ కోడ్‌లు ప్రభుత్వ వెబ్‌సైటును పోలినట్టు తయారుచేసిన నకలు సైటుకు తీసుకెళ్లేవి. స్కాన్ చేసినవారికి అంతా పచ్చగా కనిపించింది. అనుమానించవలసిన కాగితమే మనకు సాక్షిని కూడా చూపిస్తుంటే అది తనిఖీ అనిపించుకోదు. సర్టిఫికెట్ సంస్థ ఈ-మెయిల్‌నైనా, వెబ్‌సైటునైనా అక్రెడిటేషన్ సంస్థ జాబితా నుంచో, ప్రమాణం యజమాని జాబితా నుంచో తీసుకోవాలి. 17021-1 ప్రకారం ఎవరు అడిగినా ఫలానా సర్టిఫికెట్ స్థితి ఏమిటో, దాని ప్రమాణం, పరిధి, ఊరు, దేశం ఏమిటో ఆ సంస్థ చెప్పవలసి ఉంది. కనుక రాసేటప్పుడు ‘ఇది అసలైనదేనా’ అని అడిగితే ‘అవును’ అన్న జవాబు వస్తుంది, దానివల్ల మనకు ఉపయోగం తక్కువ. సర్టిఫికెట్ సంఖ్య ఇచ్చి, నేటి స్థితి ఏమిటి, పరిధి వాక్యం యథాతథంగా ఏమిటి, ఏ చిరునామాలు చేరి ఉన్నాయి అని అడగాలి.

తేదీల గురించి రెండు చిన్న మాటలు. పత్రంపై ఆ ప్రమాణం పాత కూర్పు అయిన 9001:2008 అని ఉంటే అది 2018 సెప్టెంబరు 15తోనే చెల్లకుండా పోయింది, కింద ఏ తేదీ ఉన్నా సరే. రెండవది, గడువు దాటాక ఆరు నెలల లోపు పునఃసర్టిఫికేషన్ పనులు పూర్తయితే సర్టిఫికెట్‌ను పునరుద్ధరించే వెసులుబాటు ఉంది; అయితే కొత్త అమలు తేదీని వెనక్కి జరపకూడదు. కనుక పాత గడువుకు, కొత్త అమలు తేదీకి మధ్య ఖాళీ కనిపిస్తే, ఆ ఖాళీలో తయారైన సరుకు సర్టిఫికెట్ లేని కాలపు సరుకే.

ఇంత చేసినా పత్రాల తనిఖీకి ఒక హద్దు ఉంది. మిల్లులోకి వచ్చిన దూది నిజంగా ఏ పొలానిదో కాగితాలు చెప్పినంతవరకే మనకు తెలుస్తుంది. జన్యుమార్పిడి పత్తి జాడ పట్టే ప్రయోగశాల పద్ధతి ఐడబ్ల్యూఏ 32:2019 పేరుతో ఉంది. కాని జన్యుమార్పిడి లేనంత మాత్రాన పత్తి సేంద్రియం కాదు, పైగా బ్లీచింగు, రంగు అయిపోయిన బట్టలో పరీక్షించడానికి తగిన డీఎన్ఏ మిగలడం కష్టం. అందుకని పరీక్ష చేయించదలచుకుంటే దూది దశలోనే చేయించాలి, అది చొక్కాలు కొనేవారి చేతిలో ఉండదు.

మన చేతిలో ఉన్నది కొనుగోలు ఒప్పందం. టీసీ సరుకు బయలుదేరిన తరువాతే వస్తుంది కాబట్టి, ఆర్డరు ఇచ్చే రోజున దాన్ని చూడటం సాధ్యం కాదు. విక్రేతలు సరిగ్గా ఈ వీలునే వాడుకుంటారు. కాబట్టి మన టీషర్టుల విక్రేతతో బేరం కొనసాగించాలంటే ఆర్డరు పత్రంలోనే రాయించుకోవలసినవి ఇవి. కుట్టు కేంద్రం పేరు, చిరునామా, దాని స్కోప్ సర్టిఫికెట్ సంఖ్య ముందే ఇవ్వాలి. విక్రేత కూడా సర్టిఫై అయి ఉండాలి. ట్యాగు మీద నిజమైన లేబుల్ శ్రేణి, సర్టిఫై చేసిన సంస్థ పేరు, లైసెన్సు సంఖ్య ఉండాలి. మన పేరు, మన ఇన్‌వాయిసు సంఖ్య, 900 కిలోల నికర బరువు ఉన్న టీసీ అందేవరకు చెల్లింపులో చెప్పుకోదగిన భాగం నిలిపి ఉంచబడుతుంది. విక్రేత ఈ షరతులు చదివి ధర పెంచితే ఆలోచించవచ్చు. ‘టీసీ మా దగ్గర ఎవరూ అడగరండీ’ అని అంటే, ఆ చొక్కాలను మామూలు చొక్కాల ధరకు, ‘ఆర్గానిక్’ అన్న మాట తీసేసిన ట్యాగుతో, పీచు శాతం సరిదిద్ది కొనవచ్చు, లేదా వదిలేయవచ్చు.